పగలు దాచే అద్దం రాత్రి దాస్తుందా?

వీధి వైపు కిటికీకి ఫిల్మ్ వేయించాలని రేడియం స్టిక్కర్ల షాపుకి వెళ్లినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. "బయటివాళ్లకి మేం కనపడకూడదు, మాకు మాత్రం బయట కనపడాలి. అలాంటిదేమైనా ఉందా?" ఉందంటాడు షాపతను. వెండి రంగులో మెరిసే మిర్రర్ ఫిల్మ్ ముక్క తీసి షాపు తలుపు అద్దానికి అడ్డం పెట్టి చూపిస్తాడు. బయట నిలబడి చూస్తే మన ముఖమే మనకు కనిపిస్తుంది, లోపల ఏముందో తెలియదు. అతను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది పట్టపగటి నిజం. ఆ ఫిల్మ్‌నే ఇంటికి వేసుకుని, సాయంత్రం ఏడింటికి లైటు వేసుకుని, ఎవరికీ కనిపించడం లేదన్న ధీమాతో ఇంట్లో తిరిగేవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా బెంగగా ఉంటుంది. ఫిల్మ్ లేని కిటికీకి కనీసం కర్టెన్ వేస్తాం. ఫిల్మ్ ఉందన్న నమ్మకంతో అది కూడా వేయం.

మిర్రర్ ఫిల్మ్‌కి ఒక వైపు, రెండో వైపు అన్న తేడా పెద్దగా తెలియదు. అది తన మీద పడే వెలుగులో కొంత వెనక్కి తిప్పికొడుతుంది, కొంత లోపలికి పోనిస్తుంది. రెండు వైపుల నుంచీ ఇదే పని చేస్తుంది. ఎటువైపు వెలుగు ఎక్కువగా ఉంటే అటువైపు వాళ్లకి అద్దంలా, తక్కువగా ఉన్నవైపు వాళ్లకి మామూలు కిటికీలా కనిపిస్తుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. ఫిల్మ్ నూటికి నలభై పాళ్లు వెలుగుని తిప్పికొట్టి, ఇరవై పాళ్లు లోపలికి వదులుతుందనుకుందాం. మధ్యాహ్నం వీధిలో నీడ పట్టున కూడా సుమారు పదివేల లక్స్ వెలుగు ఉంటుంది, గదిలో రెండువందలు ఉంటే గొప్ప. వీధిలో నిలబడ్డవాడి కంటికి ఫిల్మ్ మీంచి తిరిగొచ్చే వెలుగు నాలుగువేలు, గదిలోంచి బయటికొచ్చేది నలభై. వందకి ఒకటి! ఆ ఒకటి ఆ వందలో మునిగిపోతుంది. ఇప్పుడు రాత్రి చూడండి. వీధి దీపం కింద పది లక్స్, గదిలో ట్యూబ్‌లైటు వెలుగు నూటయాభై. ఫిల్మ్ మీంచి తిరిగొచ్చేది నాలుగు, గదిలోంచి వచ్చేది ముప్పై. ఈసారి మునిగిపోయేది వీధి నీడే. లోపల ఉన్నవాళ్లు వీధికి కనిపిస్తారు, వాళ్లకు మాత్రం కిటికీలో తమ ముఖం తప్ప ఏమీ కనపడదు. తాము కనిపిస్తున్నామని వాళ్లకు తెలిసే దారి కూడా లేదు.

బాత్రూమ్‌కి మిర్రర్ ఫిల్మ్ అసలే పనికిరాదు. అపార్టుమెంట్లలో బాత్రూమ్ వెంటిలేటర్లు చాలావరకు డక్ట్‌లోకో, రెండు బిల్డింగుల మధ్య ఉన్న ఇరుకు సందులోకో తెరుచుకుంటాయి. అక్కడ పగలు పన్నెండింటికి కూడా మసకగానే ఉంటుంది. లోపలేమో పగలైనా లైటు వేసుకోవాల్సిందే. అంటే ఆ కిటికీకి ఎప్పుడూ రాత్రే. బాత్రూమ్‌కి ఫ్రాస్టెడ్ రకమే తీసుకోవాలి. వీధి వైపు గదికి మిర్రర్ వేయించుకునేవాళ్లు దాన్ని పగటి ఎండకీ, పగటి చూపుకీ మాత్రమే అనుకుని, చీకటి పడగానే కర్టెన్ దించాలి.

ఫ్రాస్టెడ్ ఫిల్మ్ చేసే పని వేరు. అది వెలుగును తిప్పికొట్టదు, చెదరగొడుతుంది. ఒక వస్తువు మీంచి వచ్చే కిరణాలు తిన్నగా కంటికి చేరితేనే ఆకారం తెలుస్తుంది. ఫిల్మ్‌లో అవి నలువైపులా విరిగిపోతే వెలుగు వస్తుంది గానీ బొమ్మ రాదు. ఎటువైపు వెలుగు ఎక్కువైనా ఈ పని ఆగదు కాబట్టి పగలూ రాత్రీ ఒకేలా పనిచేస్తుంది. అయితే దీనికీ ఒక హద్దుంది, అదీ దీపంతో ముడిపడిందే.

తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటారు. దాని వెనక దీపం ఉంటుంది. తెర పల్చటి గుడ్డే, దాని గుండా అవతలి మనిషి ముఖం కనపడదు. అయినా బొమ్మ అంచులు ప్రతి వంపుతో సహా తెలుస్తాయి. బొమ్మను తెర నుంచి వెనక్కి జరిపే కొద్దీ అంచులు చెదిరిపోతాయి. ఫ్రాస్టెడ్ అద్దం వెనక మనిషికి జరిగేది సరిగ్గా ఇదే. బాత్రూమ్‌లో కిటికీ ఒక గోడకు, దానికి ఎదురు గోడకు బల్బు ఉంటే, మధ్యలో నిలబడ్డవాళ్ల నీడ అద్దం మీద పడుతుంది. కిటికీకి దగ్గరగా నిలబడితే చెయ్యి ఎత్తడం, వంగడం కూడా బయటికి తెలిసిపోతాయి. ఒకే ఒక్క చిన్న, తీక్షణమైన ఎల్ఈడీ బల్బైతే నీడ అంచు మరింత స్పష్టంగా వస్తుంది. బల్బును కిటికీ ఉన్న గోడకే, కిటికీ పైన పెట్టిస్తే మనిషి నీడ అద్దం మీద కాక ఎదురు గోడ మీద పడుతుంది. బయటికి కనిపించేది రంగులు కలగలిసిన మసక మాత్రమే. బాత్రూమ్ ప్రైవసీ కోసం ఎలక్ట్రీషియన్‌ను పిలవాలని ఎవరికీ తోచదు. కానీ రెండు స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి వేయించడం కన్నా బల్బు గోడ మార్చడం వల్లే ఎక్కువ ఫలితం. అది కుదరకపోతే స్నానం చేసే చోటుకీ కిటికీకీ మధ్య మూడడుగులైనా దూరం ఉండేలా చూసుకోవాలి, లేదంటే ఇంకా చిక్కని పాల రంగు ఫిల్మ్ తీసుకోవాలి.

షాపులో ముక్క చేతికిచ్చినప్పుడు చెయ్యాల్సిన పరీక్ష సులభం. ముక్క వెనక అరచెయ్యి ఆనించి పెట్టి చూడండి, తర్వాత జానెడు వెనక్కి, తర్వాత మూరెడు వెనక్కి తీయండి. ఆనించినప్పుడు ఏ ఫిల్మ్‌లోనైనా వేళ్లు కనిపిస్తాయి. జానెడు దూరంలో వేళ్లు విడివిడిగా లెక్కపెట్టగలిగితే అది బాత్రూమ్‌కి చాలదు. తర్వాత ముక్క మీద నాలుగు నీటి చుక్కలు రాసి మళ్లీ చూడండి. ఈ రెండో పరీక్ష ఎందుకంటే, గరుకుదనంతో వెలుగును చెదరగొట్టే ఏ ఉపరితలమైనా తడిస్తే ఆ గుంటల్లో నీళ్లు నిండి, కొంత నునుపై, కొంత పారదర్శకమవుతుంది. ఇసుక కొట్టి గరుకు చేసిన అద్దాల్లో ఈ గుణం బాగా కనిపిస్తుంది. గరుకు వైపు షవర్‌కి ఎదురుగా బిగిస్తే, పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనపడని ఆ అద్దం స్నానం మొదలయ్యాక, అంటే అవసరమైన వేళకే, పల్చబడిపోతుంది. అలాంటి అద్దాన్ని గరుకు వైపు నీళ్లు తగలని దిక్కుకి తిప్పి బిగించాలి. తడిసినా మసక పోని ఫిల్మ్ దొరికితే బాత్రూమ్‌కి అదే తీసుకోవాలి.

పాత ఇళ్ల వెంటిలేటర్లకు చుక్కల డిజైన్ అద్దాలు ఉంటాయి. ఒక వైపు గరుకు, రెండో వైపు నునుపు. వాటికి ఫిల్మ్ వేస్తే నునుపు వైపే వెయ్యాలి. గరుకు వైపు అతికితే జిగురు ఎత్తుల మీద మాత్రమే ఆనుతుంది, నెల తిరక్కుండా ఊడొస్తుంది. పలకలు పలకలుగా తెరుచుకునే లూవర్ వెంటిలేటరైతే ఇంకో సంగతి ఉంది. వాన లోపలికి రాకుండా పలకల బయటి అంచు కిందికి వాలేలా బిగిస్తారు. ఆ వాలులో ఉన్నప్పుడు కింద సందులో నిలబడ్డవాళ్లకు పలకల మధ్యలోంచి కనిపించేది బాత్రూమ్ సీలింగే. ఎదురింటి పై అంతస్తు వాళ్ల చూపుకి పలకలే అడ్డం వస్తాయి. ఎవరైనా గాలి కోసం పలకలను అడ్డంగా, నేలకు సమాంతరంగా తెరిచారంటే ఎదురుగా అదే ఎత్తులో ఉన్నవాళ్లకు దారి దొరికినట్టే. తెరిచిన సందుని ఏ స్టిక్కరూ మూయలేదు.

ఇక వీధి వైపు గది. అద్దమంతా మూసేయడం చాలామందికి ఇష్టం ఉండదు. ఆకాశం, చెట్టు, వాన కనిపించాలని కోరుకుంటారు, అది సహజం. ఎంతవరకు వేస్తే చాలో టేపు పట్టుకుని తేల్చుకోవచ్చు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక గది తీసుకుందాం. రోడ్డు కన్నా గది నేల రెండడుగుల ఎత్తు. కిటికీ అద్దం నేల నుంచి మూడడుగుల దగ్గర మొదలై నాలుగడుగుల పొడవు ఉంది. అంటే రోడ్డు నుంచి లెక్కేస్తే అద్దం అయిదడుగుల దగ్గర మొదలై తొమ్మిదడుగుల దాకా ఉంటుంది. నడిచిపోయే మనిషి కళ్లు రోడ్డుకి సుమారు అయిదుంపావు అడుగుల ఎత్తులో ఉంటాయి. అద్దంలో కింది సగం, రెండడుగుల మేర ఫిల్మ్ వేశామనుకుందాం. కిటికీకి ఆరడుగుల దూరంలో నడిచే మనిషి ఫిల్మ్ పై అంచు మీదుగా చూస్తే అతని చూపు పైకి లేస్తుంది. గదిలోకి ఆరడుగులు వెళ్లేసరికి ఆ చూపు గది నేల నుంచి ఆరున్నర అడుగులు దాటిపోతుంది. లోపలివాళ్ల తలల మీదుగా ఫ్యాను వైపు పోతుందన్నమాట. దారినపోయేవాళ్ల చూపు ఆపడానికి సగం ఫిల్మ్ చాలు. పై సగంలోంచి వెలుగూ ఆకాశమూ మిగులుతాయి.

అదే కిటికీకి ఎదురుగా, పాతికడుగుల రోడ్డు దాటి, మొదటి అంతస్తు బాల్కనీ ఉంటే లెక్క మారిపోతుంది. అక్కడ నిలబడ్డ మనిషి కళ్లు రోడ్డుకి పదిహేడడుగుల ఎత్తులో ఉంటాయి. ఆ చూపు కిందికి వాలుతుంది. ఫిల్మ్ లేని పై సగంలోంచి లోపలికి వచ్చి, కిటికీకి ఎనిమిదడుగుల లోపల ఉన్న సోఫా దగ్గర నేల నుంచి సుమారు రెండడుగుల ఎత్తు మొదలు నాలుగున్నర అడుగుల దాకా ఉన్నదాన్నంతా చూస్తుంది. కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టుకున్న చేతుల నుంచి తల దాకా. పగలు గది చీకటిగా ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు, రాత్రి లైటు వేస్తే తెలుస్తుంది. ఇలాంటి ఇంటికి కింది సగం ఫ్రాస్టెడ్, పై సగానికి రాత్రిపూట దించే చిన్న కర్టెన్ సరిపోతాయి. లేదా సోఫాను కిటికీ ఉన్న గోడకే ఆనించి వేసుకుంటే ఆ చూపుకి అందదు.

ఏ రకం కొనాలన్నది ఎండను బట్టి ఉంటుంది. షాపుల్లో దొరికే వాటిలో ఒకటి వినైల్, అంటే పీవీసీ. రెండోది పాలిస్టర్. ముక్క అంచు పట్టి లాగితే వినైల్ కాస్త సాగుతుంది. పాలిస్టర్ సాగదు, నలిపితే కరకరమంటుంది. వినైల్ మెత్తగా ఉండి అతికించడం సులువు, ధర తక్కువ, బాత్రూమ్ లోపలి నీడలో బాగానే ఉంటుంది. పడమటి ఎండ నేరుగా పడే కిటికీకి వేస్తే కొన్నేళ్లకు కుంచించుకుపోయి, అంచుల దగ్గర జిగురు బయటపడి, దానికి దుమ్ము పట్టి నల్లగీత కడుతుంది. అక్కడ పాలిస్టర్ నయం. జిగురు లేకుండా నీళ్లతో అంటుకునే రకం మూడోది. అద్దెకుండేవాళ్లకు అనువైనది, కావాలంటే ఊడదీసి మళ్లీ వేసుకోవచ్చు. దానికి అద్దం పూర్తిగా నునుపుగా, శుభ్రంగా ఉండాలి, ఆవిరి ఎక్కువైన చోట అంచులు లేస్తాయి.

ముదురు రంగు ఫిల్ములతో ఇంకో ప్రమాదం ఉంది. అవి ఎండ వేడిని పీల్చుకుంటాయి. అద్దం మధ్యభాగం వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఫ్రేములో దాక్కున్న అంచులు మాత్రం చల్లగా ఉంటాయి. సజ్జ నీడ సగం అద్దం మీద పడితే తేడా ఇంకా పెరుగుతుంది. ఆ లాగుడుకి అద్దం పగలవచ్చు. లోపల తీగ ఉన్న అద్దాలకు, రంగు అద్దాలకు, రెండు పొరల అద్దాలకు ఈ ముప్పు ఎక్కువ. దెబ్బ తగిలిన గుర్తు లేకుండా, అంచు దగ్గర నిట్టనిలువుగా మొదలై లోపలికి వంకరగా పాకిన చీలిక కనిపిస్తే అది ఎండ వల్ల వచ్చినదే అనుకోవచ్చు. తెల్లటి ఫ్రాస్టెడ్ ఫిల్ముతో ఈ భయం తక్కువ. కారు అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు వాహనాల గురించే, ఇంటి కిటికీల గురించి కాదు. అపార్టుమెంటులో మాత్రం బయటి నుంచి కనిపించే రంగు గురించి సంఘానికి నియమం ఉందేమో ముందే అడగడం మంచిది.

అతికించడం దగ్గర నేను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిల్మ్ పాడయ్యేది ఎక్కువగా ఈ గంటలోనే. ఫిల్మ్ వెయ్యాల్సింది లోపలి వైపు, ఎండావానా తగలకుండా. చెక్క కిటికీలకు లోపల గ్రిల్ ఉండి, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి రెక్క పూర్తిగా తెరిచి బయట నిలబడి చేసుకోవచ్చు. పై అంతస్తయితే బయటికి వేలాడే పని ఒద్దే ఒద్దు, రెక్కను బందుల నుంచి విప్పించి కింద పడుకోబెట్టి చెయ్యాలి. అద్దం మీద బోరు నీళ్ల తెల్ల చారలుంటే ముందు నిమ్మకాయ చెక్కతోనో వెనిగర్‌తోనో రుద్ది కడగాలి. ఆ చారల మీద అతికిన ఫిల్మ్ కింద ప్రతి చుక్కా బుడగలాగే కనిపిస్తుంది. తర్వాత తడి అద్దం మీద కొత్త బ్లేడు పడుకోబెట్టి గీకితే పెయింటు చుక్కలు, మైనపు మచ్చలు పోతాయి. ఫ్యాను ఆపేయాలి.

అర లీటరు నీళ్లలో నాలుగైదు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకోండి. ఇక్కడ కూడా బోరు నీళ్లు వద్దు, ఫిల్టర్ నీళ్లు వాడండి, లేకపోతే ఆరాక లోపల ఉప్పు మచ్చలు మిగులుతాయి. ఫిల్మ్‌ను అద్దం కన్నా అన్ని వైపులా ఒక అంగుళం పెద్దదిగా కత్తిరించాలి. వెనక కాగితం ఊడిరాకపోతే ఒక మూల రెండు వైపులా చెరో టేపు ముక్క అంటించి విడదీస్తే తేలిగ్గా వస్తుంది. అద్దం మీదా, జిగురు మీదా రెండింటి మీదా కారిపోయేంత స్ప్రే చెయ్యండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. నీళ్లుంటేనే ఫిల్మ్ జారుతుంది, జారితేనే సరిచేసుకోగలం. చోటు కుదిరాక పైన కూడా తడిపి, ప్లాస్టిక్ బద్దకు మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకు నీళ్లను నెట్టండి. చివర్లో కొత్త బ్లేడుతో అంచు కత్తిరించేటప్పుడు ఫ్రేముకి ఆనించి కోయకండి, ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటి సందు వదలండి. ఫ్రేము రబ్బరుకి తగిలిన ఫిల్మ్ అంచు అక్కడి నుంచే లేస్తుంది, బాత్రూమ్‌లో ఆవిరి ఆ దారినే లోపలికి పోతుంది. ఈ పని పొద్దున్నే చెయ్యాలి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద నీళ్లు నిమిషంలో ఆరిపోయి జిగురు ఎక్కడిదక్కడ పట్టేస్తుంది.

మర్నాడు చూసి చాలామంది కంగారు పడతారు. లోపల పాల చారల్లా, చిన్న చిన్న నీటి గుబ్బల్లా కనిపిస్తాయి. అవి నీటి బుడగలైతే వేలితో నొక్కితే కదులుతాయి, వాటంతటవే ఆరిపోతాయి. వానాకాలంలో నెల దాకా పట్టొచ్చు. నొక్కితే తిరిగి అదే ఆకారానికి వచ్చేవి గాలి బుడగలు. సన్నటి సూదితో అంచున పొడిచి గాలి నొక్కేయాలి. మధ్యలో గట్టిగా గింజలా తగిలితే అది దుమ్ము, దానికి మందు లేదు. బాత్రూమైతే మొదటి రెండు రోజులు గీజర్ స్నానాల ఆవిరి ఆ కిటికీకి తగలకుండా చూసుకోండి. మొదటి నెల అద్దం తుడవకండి, ఆ తర్వాత కూడా అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడకండి.

అంతా అయ్యాక, రాత్రి ఎనిమిదింటికి, లోపల లైటు వేసి ఒకరు నిలబడాలి, ఇంకొకరు ఫోను పట్టుకుని వీధిలోకో ఎదురింటి మేడ మీదికో వెళ్లాలి. "ఏమండీ, ఇప్పుడు కనిపిస్తున్నానా?" అని లోపలి నుంచి అడిగితే, "అక్కడైతే ఏం తెలీట్లేదు, కిటికీ దగ్గరికి రా... ఆగు, ఇప్పుడు నీ చెయ్యి తెలుస్తోంది" అని చెప్పేవాళ్లు బయట ఉండాలి. ఆ చెయ్యి తెలిసిన చోట నేల మీద ఒక గుర్తు పెట్టుకోండి. బట్టలు మార్చుకునే చోటు ఆ గుర్తుకి ఇవతల ఉండాలి. బల్బు మార్చి మళ్లీ ఒకసారి చూసుకోండి.

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫిల్మ్ తీయాల్సి వస్తే లాగేయకండి, ముక్కలు ముక్కలై జిగురంతా అద్దం మీదే ఉండిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల గోరువెచ్చగా చేసి, అద్దానికి దాదాపు ఆనించినట్టు మడిచి నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురు మీద సబ్బు నీళ్లలో తడిపిన న్యూస్‌పేపర్ పరిచి గంటసేపు వదిలేస్తే మెత్తబడుతుంది, అప్పుడు తడిగా ఉండగానే బ్లేడు పడుకోబెట్టి గీకాలి.